గొంతులో చేప ముల్లు దిగిందా?.. బ్రెడ్, అన్నం ముద్ద మింగేముందు ఇది చదవండి!

చేప ముల్లు గుచ్చుకుందనగానే పక్కనున్నవాళ్లు చెప్పే మాట ఒక్కటే.. 'బ్రెడ్ ముక్క మింగెయ్, పోతుంది'. ఇంట్లో అయితే అన్నం ముద్ద, అరటిపండు. కానీ ఈ చిట్కాతో చిన్న సమస్య పెద్దదయ్యే ప్రమాదం ఉంది.

హైటెక్ సిటీలో ఆఫీస్ లంచ్ బ్రేక్. ఫోన్ చూస్తూ చేపల పులుసు తింటుంటే గొంతులో చురుక్కుమంది అనుకుందాం. ఇలాంటి సన్నని ముల్లు ఎక్కువగా టాన్సిల్‌లోనో, నాలుక మొదట్లోనో దిగుతుంది. అక్కడ ఉంటే ఈఎన్‌టీ డాక్టర్ చూసి చిన్న పరికరంతో తీసేస్తారు. అదే బ్రెడ్ మింగితే ఆ ముద్ద ముల్లును ఇంకా లోతుకు నెట్టొచ్చు, విరగ్గొట్టొచ్చు, అన్నవాహికకు గుచ్చొచ్చు. పైగా బ్రెడ్ అడ్డుపడితే ఎండోస్కోపీలో ముల్లు కనిపించదు. కడుపు నిండా ఉంటే మత్తు ఇవ్వడమూ రిస్కే.

ముల్లు ఉందా, గీసుకుపోయిందా?

ముల్లు దిగిపోయినా గీరిన చోట కాసేపు మంట ఉంటుంది. అది క్రమంగా తగ్గుతుంది. మింగిన ప్రతిసారీ ఒకే చోట గుచ్చుతుంటే మాత్రం ముల్లు ఉన్నట్టే అనుకోవాలి. ఎక్స్‌రేలో ఏమీ లేదని వదిలేయొద్దు. చాలా ముళ్లు అందులో కనిపించవు, సీటీ స్కాన్‌లో తెలుస్తాయి.

కొన్నేళ్ల కిందట నల్గొండ జిల్లాకు చెందిన ఓ పెద్దాయన పెళ్లి విందులో మటన్ ఎముక మింగేశారు. ఛాతీ నొప్పి వస్తే గ్యాస్ అనుకుని మందులు వాడారు. నెల దాటాక ఎల్బీనగర్ కామినేని ఆస్పత్రిలో చూస్తే, గుండెకు దగ్గరగా అన్నవాహికలో ఎముక ఇరుక్కుని ఉంది. డాక్టర్లు ఎండోస్కోపీతో తీశారు.

ఈ లక్షణాలుంటే వెంటనే ఎమర్జెన్సీకి

అన్నవాహికకు రంధ్రం పడితే లాలాజలం, ఆహారం ఛాతీలోకి చేరి ఇన్ఫెక్షన్ వస్తుంది. అది ప్రాణాంతకం. ఛాతీ, వీపు లేదా మెడలో నొప్పి పెరగడం, జ్వరం, ఆయాసం, రక్తపు వాంతులు ప్రమాద సంకేతాలు. మెడ వాచి, నొక్కితే చర్మం కింద గాలి బుడగలు చిటపటమన్నట్టు ఉన్నా అంతే. ఉమ్మి కూడా మింగలేకపోతే దారి పూర్తిగా మూసుకుపోయి ఉండొచ్చు. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా 108కి కాల్ చేయండి.

పిల్లలు నాణెం మింగితే..

ఇక్కడా బ్రెడ్, అరటిపండు వద్దు. అది నాణేనా, బటన్ బ్యాటరీనా అన్నది ఎక్స్‌రేలో తేలాలి. రిమోట్‌లు, బొమ్మల్లో ఉండే ఆ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే 2 గంటల్లోనే కాలిన గాయం చేయగలదు. బిడ్డ బాగానే ఆడుకుంటున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.

మరి ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలి? తినడం ఆపేయండి. వేలు పెట్టి కెలకొద్దు, బలవంతంగా వాంతి చేసుకోవద్దు. ఎప్పుడు, ఏం తిన్నారో డాక్టర్‌కు చెప్పండి. పదునైన ముల్లు అన్నవాహికలో ఉంటే కొన్ని గంటల్లోనే తీయాలి, 'రేపు చూద్దాంలే' అనుకోవద్దు.