మైకు ఎప్పుడు ఆపాలి?

పెళ్లిలో యాంకర్ పని మైకు పట్టుకోకముందే మొదలవుతుంది. రెండు వైపులా తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మల పేర్లు కాగితం మీద రాసుకోవాలి. ఇంటిపేరు ఎలా పలకాలో ఆ ఇంటివాళ్లనే అడగాలి. స్వాగతంలో ఒకవైపు నాలుగు పేర్లు చదివి, రెండోవైపు "బంధుమిత్రులు" అని సరిపెడితే అలక అక్కడే మొదలు.

అసలు పరీక్ష ముహూర్తం. రాత్రి 10:42 అనుకుందాం. మన పెళ్లిలో అది జీలకర్ర-బెల్లం పెట్టే ఘడియ. ఓ పది నిమిషాల ముందు, పంతులుగారిని అడిగి చెప్పేయాలి: "అమ్మాయిని మేనమామలు బుట్టలో తీసుకొస్తున్నారు. అడ్డుతెర వెనక కూర్చోబెట్టాక జీలకర్ర-బెల్లం. అక్షింతలు అందనివాళ్లు చెయ్యెత్తండి, తెచ్చిస్తారు."

ఆ తర్వాత మైకు ఆపేయాలి. మంత్రం, గట్టిమేళం మాత్రమే వినపడాలి. కొందరు ఇక్కడే కౌంట్‌డౌన్ మొదలుపెడతారు. పంతులుగారి గడియారం, వీళ్ల ఫోను ఒక్కటి కాకపోతే అక్షింతలు ముందే పడిపోతాయి!

తెర తీశాకా తొందరొద్దు. తర్వాతి తంతు ఇంటికో తీరు, పంతులుగారు తలూపాకే చెప్పాలి. భోజనాల కబురు మాత్రం తాళి కట్టాకే. ముందే చెబితే సగం కుర్చీలు ఖాళీ.