హోటల్లో తిండి, పడక: జీతంలో ఎంతకి లెక్క?

‘సర్వర్లు, క్లీనర్లు కావలెను. భోజనం, వసతి ఉచితం.’ టిఫిన్ సెంటర్ల అద్దాల మీద, మెస్సుల గేట్ల దగ్గర, అమీర్‌పేట హాస్టళ్ల మెట్ల పక్కన ఇలాంటి కాగితాలు తరచూ కనిపిస్తాయి. శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో, బెంగాల్ నుంచో కొత్తగా ఊళ్లోకి దిగిన కుర్రాడికి ఆ రెండో వాక్యమే పెద్ద భరోసా. చేతిలో డబ్బు లేకపోయినా మొదటి రాత్రికి పడుకోవడానికి చోటు, తెల్లారేసరికి ఇంత టిఫిన్ దొరుకుతాయి. ఉచితమని రాసినా జీతం మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఆ తిండీ పడకా లెక్కలోకి వచ్చేస్తాయి. “బయట ఉండి వస్తానంటే పదహారు వేలు, ఇక్కడే తిని పడుకుంటే పన్నెండు” అంటాడు యజమాని. మధ్యలో పోయిన ఆ నాలుగు వేలు సరైన ధరేనా?

తేల్చాలంటే ఒక ఉదాహరణ వేసి చూడాలి. అంకెలు ఊహించినవే గానీ లెక్క చేసే పద్ధతి ఎక్కడైనా ఒకటే. సర్వర్ రోజూ పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రి మళ్లీ ఏదో ఒకటి తింటాడు. మెనూ కార్డు ప్రకారం టిఫిన్ 50, భోజనం 120, రాత్రి తిండి 100 అనుకుంటే రోజుకు 270, నెలకు 8,100 రూపాయలు. “ఎనిమిది వేల తిండి పెట్టి నాలుగు వేలే తగ్గిస్తున్నా” అని యజమాని చెప్పేది ఈ అంకె చూపించే.

సర్వర్ కంచంలోకి వచ్చేది మాత్రం కస్టమర్‌కి వడ్డించే భోజనం కాదు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక, మూడున్నరకో నాలుగింటికో వంటగది వెనక కూర్చుని తినేది అన్నం, సాంబారు, ఒక కూర, మజ్జిగ. స్పెషల్ కూరలూ స్వీటూ అక్కడిదాకా రావు. ఇరవై మందికి కలిపి వండే ఆ తిండికి బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, గ్యాస్ అన్నీ కలిపి మనిషికి రోజుకు 70 రూపాయలు పడుతుందనుకుందాం. నెలకు 2,100. మేడ మీద గదికి అద్దె ఎనిమిది వేలు, అందులో ఎనిమిది మంది ఉంటే తలా వెయ్యి. యజమాని జేబులోంచి నిజంగా పోయేది మొత్తం 3,100.

అదే సర్వర్ బయట మరో ఇద్దరితో గది పంచుకుని, తనే వండుకుని తింటే అద్దెకు 1,500, తిండికి 3,000, మొత్తం 4,500 అవుతుందనుకోండి. ఒకే తిండికి, ఒకే పడకకు మూడు విలువలు వచ్చాయి. మెనూ ధర తిండికే 8,100. యజమాని ఖర్చు 3,100. పనివాడికి మిగిలేది 4,500. నాలుగు వేలు తగ్గిస్తే ఇద్దరికీ ఎంతో కొంత లాభమే, అది సబబైన బేరం. మెనూ ధరను పట్టుకుని ఆరు వేలు తగ్గిస్తే మాత్రం పనివాడు తన అవసరానికి మించిన ధర కట్టినట్టు, యజమాని తన పనివాడికే తిండి అమ్మి లాభం చేసుకున్నట్టు. మెనూ ధరలో షాపు అద్దె, ఏసీ, కౌంటర్, లాభం, చివరికి ఆ సర్వర్ జీతం కూడా ఉంటాయి. తన జీతాన్ని తనే తిరిగి చెల్లించమనడం న్యాయం కాదు.

చట్టం ఈ చిక్కును చాలాకాలం క్రితమే పట్టించుకుంది. 1948 నాటి కనీస వేతనాల చట్టం పదకొండో సెక్షన్ ప్రకారం కనీస వేతనం నగదుగానే ఇవ్వాల్సి ఉండేది. వస్తురూపంలో ఇచ్చే ఆనవాయితీ ఉన్నచోట మాత్రం ప్రభుత్వం గెజిట్‌లో అనుమతించే వీలుండేది. అప్పుడు ఆ వస్తువుల విలువ ఎలా కట్టాలో 1950 నాటి కేంద్ర నియమాలు చెప్పాయి: దగ్గరి బజారులో చిల్లర ధరలను లెక్కలోకి తీసుకోవాలి. అంటే కిలో బియ్యం, కిలో కందిపప్పు కిరాణా కొట్లో ఎంతకు దొరుకుతాయన్నదే ఆధారం. ప్లేటు భోజనం ఏ రేటుకు అమ్ముతున్నారన్నది కాదు. మన ఉదాహరణలో 8,100 అంకె ఈ గీటురాయి ముందు నిలవదు.

2019లో వచ్చిన వేతనాల కోడ్ ఇంకో గట్టు కట్టింది. జీతంలో కొంత వస్తురూపంలో ఇస్తే, దాని విలువలో మొత్తం జీతంలో 15 శాతం దాకానే వేతనంలో భాగంగా పరిగణిస్తారు. జీతం మొత్తం 14,000 అనుకుంటే 2,100 దాకానే ఆ లెక్కలోకి వస్తుంది. యజమాని అంతకంటే బాగా తిండి పెట్టొచ్చు, పెడితే మంచిదే. ఆ పైన పెట్టిందంతా జీతమే అని మాత్రం రాసుకోలేడు.

ఈ గట్టు ఎందుకు అవసరమో తెలియాలంటే కనీస వేతనం దేన్ని చూసి కడతారో గుర్తు చేసుకోవాలి. 1957లో జరిగిన పదిహేనో భారత కార్మిక సదస్సు ఒక కొలత ఇచ్చింది. సంపాదించే మనిషి ఒక్కడి అవసరం కాకుండా, అతని కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా తీసుకోవాలి. ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం, చిల్లర ఖర్చులు కలిపి వేతనం కట్టాలి. ఆ తర్వాతి లెక్కలన్నీ దాదాపు ఈ పునాది మీదే సాగాయి.

హోటల్లో సర్వర్ తినే తిండి ఈ మూడింట్లో ఒక్క యూనిట్‌కే సరిపోతుంది. పలాస దగ్గర పల్లెలో ఉన్న భార్యాపిల్లలు హోటల్ సాంబారు తినరు. వాళ్లకు బియ్యం కొనాలన్నా, బడికి పంపాలన్నా, ఇంటి అద్దె కట్టాలన్నా నగదే దిక్కు. కుటుంబం తిండికి నెలకు 9,000 అవుతుందనుకుంటే అతని వాటా మూడు వేలు. అందుకని ఆ మూడు వేలకు మించి తిండి పేరిట కోసిన ప్రతి రూపాయీ ఇంట్లో మిగతావాళ్ల కంచంలోంచి తీసినట్టే. పడక విషయం ఇంకా గట్టిది. మేడ మీద అతని పడక వల్ల ఊళ్లో ఇంటి అద్దె ఒక్క పైసా తగ్గదు.

పైగా ఆ పడక ఎవరి అవసరం కోసం ఉందో కూడా చూడాలి. ఆరింటికి ఇడ్లీ సిద్ధంగా ఉండాలంటే టిఫిన్ మాస్టర్, అతని సహాయకుడు నాలుగింటికే లేవాలి. సిటీ బస్సు ఎక్కి వస్తామంటే ఆ వేళకు బస్సులుండవు. హాస్టల్లో వంట చేసే దంపతులకు మెట్ల కింద గది ఇస్తే, రాత్రి నీళ్ల మోటారు వేసేదీ, పదకొండింటికి వచ్చిన విద్యార్థికి గేటు తీసేదీ వాళ్లే. రేకుల షెడ్డులో వరసగా పరుపులు, ఒక్కో మనిషికి ఒక ట్రంకు పెట్టె, పదిమందికి ఒక బాత్రూమ్. పగటి షిఫ్టు వాళ్లు లేచిన పరుపు మీదే రాత్రి షిఫ్టు వాళ్లు పడుకోవడం కూడా కొన్నిచోట్ల ఉంది. అలాంటి చోటికి పూర్తి అద్దె విలువ కట్టడం సరికాదు. అక్కడ ఉంటున్నందుకు అదనంగా చేస్తున్న గంటలకు ఓవర్‌టైమ్ కట్టడం లేదంటే, పడకకు అతను చెల్లిస్తున్న అసలు ధర జీతం చీటీలో కనపడదు.

బ్రిటన్ ఈ విషయంలో గట్టి నిర్ణయం తీసుకుంది. అక్కడ జాతీయ కనీస వేతనం లెక్కలో భోజనాన్ని అసలు కలపరు. యజమాని ఎంత మంచి తిండి పెట్టినా అది కనీస వేతనంలో భాగం కాదు. వసతిని మాత్రం ఒక పరిమితి దాకా కలుపుతారు. 2025 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు 21 ఏళ్లు దాటినవారికి గంట వేతనం 12.21 పౌండ్లు, వసతి పరిమితి రోజుకు 10.66 పౌండ్లు, అంటే వారానికి 74.62. చదువుకోవడానికి వెళ్లి హోటళ్లలో పనిచేసే తెలుగు పిల్లలు ఈ లెక్క తెలుసుకోవడం చాలా అవసరం.

విద్యార్థి వీసా మీద సెమిస్టర్ నడిచే రోజుల్లో సాధారణంగా వారానికి 20 గంటలే పని. జీతం 244.20 పౌండ్లు. హోటల్ యజమానే గది ఇచ్చి వారానికి 100 పౌండ్ల అద్దె తీసుకున్నాడనుకుందాం. పరిమితికి పైన ఉన్న 25.38ని వేతనంలోంచి తీసేసినట్టు లెక్కిస్తారు. మిగిలిన 218.82ని 20 గంటలతో భాగిస్తే గంటకు 10.94. కనీస వేతనం కంటే తక్కువ, కాబట్టి చట్టాన్ని మీరినట్టే. అద్దె 74.62 లోపు ఉంటే ఇబ్బంది లేదు. గదికి అద్దె తక్కువ పెట్టి కరెంటుకో ఫర్నిచర్‌కో విడిగా వసూలు చేసినా, ఆ వసతి తీసుకోవాలంటే అవి కట్టక తప్పదన్నప్పుడు వాటినీ వసతి ఖర్చుగానే చూస్తారు.

స్విట్జర్లాండ్‌లో సామాజిక బీమా లెక్కకు ఒక్కో పూటకూ విడిగా ధర కట్టారు. పొద్దున తిండికి మూడున్నర ఫ్రాంకులు, మధ్యాహ్నానికి పది, రాత్రికి ఎనిమిది, పడకకు పదకొండున్నర, మొత్తం రోజుకు 33. పూటల వారీగా విడదీయడంలో మంచి సౌలభ్యం ఉంది. మధ్యాహ్నం ఒక్క పూటే తినేవాడి ఖాతాలో రోజంతటి తిండి రాయడం కుదరదు.

మన హోటళ్లలో గొడవలు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లి వచ్చినవాడికి నాగాల జీతం కోస్తారు, తినని ఆ పది రోజుల తిండి విలువ మాత్రం తిరిగి ఇవ్వరు. జీతం చీటీలో నగదు ఎంత, తిండికి ఎంత, పడకకు ఎంత అని మూడు వరసల్లో రాయించుకుంటే ఈ తేడా వెంటనే బయటపడుతుంది. తినని రోజులకు 70 చొప్పున 700 రూపాయలు వెనక్కి రావాలని అడగడానికి ఆధారం ఉంటుంది.

అలా రాయించుకోవడం వల్ల భవిష్య నిధిలోనూ మేలుంది. 1952 నాటి ఈపీఎఫ్ చట్టంలోనే ఆరో సెక్షన్ వివరణ, ఉద్యోగికి ఇచ్చే తిండి రాయితీ నగదు విలువను కరవు భత్యంలో భాగంగా చూసి చందా కట్టాలని చెప్పింది. మన ఉదాహరణలోని 2,100కి 12 శాతం చొప్పున 252 రూపాయలు సర్వర్ వాటా, మరో 252 యజమాని వాటా. జీతం తగ్గించేటప్పుడు తిండిని నాలుగు వేలలో కలిపి చెప్పి, పీఎఫ్ కట్టేటప్పుడు పన్నెండు వేల నగదునే చూపిస్తే, ఒకే తిండి యజమానికి రెండుసార్లు కలిసొచ్చినట్టు. పీఎఫ్ ఖాతా ఉన్న పనివాడు పాస్‌బుక్‌లో నెలవారీ చందా చూసుకుంటే చాలు. 1,440 పడుతుంటే నగదు మీదే కడుతున్నారు, 1,692 పడుతుంటే తిండి విలువ కూడా కలిపారు.