కాన్పు తర్వాత సైకోసిస్ ముప్పుందా? ఏడో నెలలోనే రాసుకోవాల్సిన ఎమర్జెన్సీ ప్లాన్ ఇదీ

కాన్పయి నాలుగు రోజులు. రెండు రాత్రులుగా కునుకు లేదు, అయినా అలసట కనిపించదు. గడగడా మాట్లాడుతోంది. ‘బిడ్డను ఆస్పత్రిలో మార్చేశారు’ అంటోంది. గంట తర్వాత ఏమీ జరగనట్టే ఉంటోంది. ఇంట్లోవాళ్లు నిద్ర చాలకనో, గాలి సోకిందనో అనుకుంటారు. కానీ ఇది పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ కావచ్చు. గంటల్లోనే ముదిరే జబ్బు ఇది. తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం రావచ్చు. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ముప్పు ఎవరికి ఎక్కువ?

వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి ఈ జబ్బు వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. బైపోలార్ డిజార్డర్ ఉన్నవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ ముప్పు ఉంటుంది. గత కాన్పులో ఒకసారి వచ్చి ఉంటే మళ్లీ వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. అంటే వీరి విషయంలో ప్రమాదం ఏ రోజుల్లో రావచ్చో ముందే తెలుసు. అందుకే బ్రిటన్‌లో ఇలాంటి గర్భిణులకు 32వ వారం ప్రాంతంలోనే కుటుంబం, ప్రసూతి వైద్యులు, సైకియాట్రిస్టు కలిసి ప్లాన్ రాస్తారు. మన దగ్గర అది మనమే అడిగి రాయించుకోవాలి.

పుట్టింటికి వెళ్తే ఏం మారుతుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే 28 ఏళ్ల మహిళ. బైపోలార్‌కు అక్కడే వైద్యం తీసుకుంటోంది. ఏడో నెలలో పురుటికి ఖమ్మంలోని పుట్టింటికి వెళ్తుంది. సైకియాట్రిస్టు ఒక ఊళ్లో, గైనకాలజిస్టు మరో ఊళ్లో, భర్త సెలవు దొరికినప్పుడే వస్తాడు. జబ్బు సంగతి బయటికి పొక్కకూడదని ఖమ్మం డాక్టరుకు ఎవరూ చెప్పరు. ప్లాన్ దెబ్బతినేది ఇక్కడే. కాబట్టి బయలుదేరే ముందే సైకియాట్రిస్టు నుంచి గైనకాలజిస్టుకు ఒక లేఖ తీసుకోవాలి. ఇద్దరు డాక్టర్ల ఫోన్ నంబర్లూ అందులో ఉండాలి.

ప్లాన్‌లో ఏం రాయాలి?

మొదటిది మందులు. ఏవి కొనసాగించాలి, కాన్పయ్యాక ఏది ఎప్పుడు మొదలుపెట్టాలి అనేవి సైకియాట్రిస్టే రాయాలి. గర్భం అనగానే సొంతంగా మందులు ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. లిథియం వాడుతుంటే కాన్పు సమయంలో రక్త పరీక్షలు, డోసు మార్పులు అవసరమవుతాయి. ఆ మందు తల్లిపాలలోకి వెళ్తుంది కాబట్టి బిడ్డకు ఏ పాలు పట్టాలో కూడా ముందే తేల్చుకోవాలి.

రెండోది నిద్ర. నిద్ర కరవైతే జబ్బు రాజుకుంటుంది. రాత్రి పది నుంచి తెల్లవారుజామున నాలుగు వరకు బిడ్డను ఎవరు చూసుకుంటారో పేరుతో సహా రాయాలి. మన ఉదాహరణలో ఆ బాధ్యత అమ్మమ్మది. ఆ వేళల్లో పిండిన పాలో, డాక్టరు చెప్పిన పాలపొడో పట్టాలి.

మూడోది తొలి సంకేతాలు. గతంలో జబ్బు ఎలా మొదలైందో ఆమె మాటల్లోనే రాయించాలి. ‘అర్ధరాత్రి బీరువా సర్దడం మొదలుపెడతాను, అందరికీ వరసగా ఫోన్లు చేస్తాను’ అని ఉంటే, అది కనిపించగానే అమ్మ గుర్తుపడుతుంది.

నాలుగోది ఆ రోజు చేయాల్సిన పనులు. ఆమెను, బిడ్డను ఒంటరిగా వదలకూడదు. వాదించకూడదు. కారు లేదా 108లో ప్రసూతి, సైకియాట్రీ విభాగాలు రెండూ ఉన్న పెద్దాస్పత్రికి వెళ్లాలి. ఎందుకంటే ఇన్‌ఫెక్షన్, బీపీ, మెదడు రక్తనాళాల్లో గడ్డ వల్ల కూడా ఇలాంటి లక్షణాలే రావచ్చు. జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్ ఉంటే ఆ మాట మొదటే చెప్పాలి.

సంతకం ఎవరు పెట్టాలి?

జబ్బు ముదిరాక ‘నాకేం కాలేదు’ అని ఆమె చికిత్సకు నిరాకరించవచ్చు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం ఆమె ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒక నామినేటెడ్ ప్రతినిధిని ఎంచుకోవచ్చు. తెల్ల కాగితంపై రాసి సంతకం చేస్తే చాలు. ఆ సమయంలో పక్కనే ఉండే మనిషిని ఎంచుకోవడం మేలు. మన ఉదాహరణలో హైదరాబాద్‌లోని భర్త కన్నా ఖమ్మంలోని అన్నయ్య నయం. అదే చట్టం ప్రకారం మానసిక వైద్యశాలలో చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయకూడదు. బిడ్డకు ప్రమాదం ఉందని సైకియాట్రిస్టు భావిస్తే మాత్రం తాత్కాలికంగా వేరుగా ఉంచవచ్చు. తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే ప్రత్యేక విభాగం బెంగళూరు నిమ్హాన్స్‌లో ఉంది.

ప్లాన్ ఉంటే జబ్బు రాదా?

రావచ్చు. కానీ గుర్తించడానికి రోజులు పట్టదు. చికిత్స అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఇంకో సంగతి, అంతకుముందు ఏ మానసిక సమస్యా లేనివారికి కూడా ఈ జబ్బు రావచ్చు. అందుకే పైన చెప్పిన సంకేతాలు ప్రతి బాలింత ఇంట్లోనూ తెలిసి ఉండాలి. అనుమానం ఉంటే టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. ప్రమాదం కనిపిస్తుంటే మాత్రం ఫోన్‌తో ఆగకుండా ఆస్పత్రికే వెళ్లాలి. ప్లాన్ కాపీ ఒకటి ఆస్పత్రి ఫైల్లో, ఒకటి పుట్టింట్లో, ఇంకొకటి భర్త ఫోన్లో ఉంచండి.