నొప్పి ఏ రోజు మొదలైంది?

పెద్దమనిషైన తర్వాత ఏడాది దాకా ఆ అమ్మాయికి నెలసరి వచ్చిందీ పోయిందీ ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. తొమ్మిదో తరగతిలోకి వచ్చాక ఒక ఉదయం పొత్తికడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయింది. నడుము లాగేస్తోంది, తొడలు పీకుతున్నాయి, తిన్నది వాంతయింది, రెండుసార్లు విరేచనం కూడా అయింది. అమ్మమ్మ వాము నీళ్లు కాచి ఇచ్చింది. ‘మొదట్లో లేని నొప్పి ఇప్పుడెందుకొచ్చింది? లోపల ఏదో తేడా చేసింది’ అని తల్లి బెంగపెట్టుకుంది.

తల్లి దేన్ని చూసి భయపడిందో, డాక్టరుకు ధైర్యమిచ్చేది సరిగ్గా అదే. మొదట్లో లేకుండా, ఆరు నెలలకో ఏడాదికో మొదలైన నొప్పి చాలావరకు మామూలు నెలసరి నొప్పే. దీన్ని వైద్యులు ప్రైమరీ డిస్మెనోరియా అంటారు. గర్భసంచిలో జబ్బేమీ లేకుండానే వచ్చే నొప్పి అని అర్థం.

ఆ ఏడాది ఆలస్యం ఎందుకు? కొత్తగా నెలసరి మొదలైన పిల్లల్లో చాలా నెలలు అండం విడుదల కాదు, రక్తస్రావం మాత్రం అవుతుంది. అండం విడుదలైతేనే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తయారవుతుంది. నెల చివర ఆ హార్మోన్ పడిపోగానే గర్భసంచి లోపలి పొర ప్రొస్టాగ్లాండిన్లనే రసాయనాలను ఎక్కువగా తయారుచేసి వదులుతుంది. అంటే అండం సరిగ్గా విడుదల కావడం మొదలయ్యాకే నొప్పికి కావలసిన సరుకు పోగవుతుంది.

ఈ రసాయనాలు గర్భసంచి కండరాన్ని గట్టిగా బిగిస్తాయి. బట్ట పిండినట్టు పిండుతున్నప్పుడు ఆ కండరంలోని రక్తనాళాలూ నలిగి, రక్తం అందదు. రక్తం అందని ఏ కండరమైనా నొప్పి పుట్టిస్తుంది, గుండెనొప్పిలో జరిగేదీ ఇలాంటిదే. ‘ఇదంతా సుకుమారం’ అని పిల్లను కసురుకునేవాళ్లు ఆ పోలికను ఒక్కసారి తలుచుకోవాలి. మిగిలిన ప్రొస్టాగ్లాండిన్లు రక్తంలో కలిసి పేగుల్నీ కదిలిస్తాయి. వాంతులు, విరేచనాలు అందుకే. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో వి. ఆర్. పికిల్స్ అనే శాస్త్రవేత్త 1957లో నెలసరి రక్తంలో కండరాన్ని బిగించే పదార్థం ఉందని చూపించాడు. అది ప్రొస్టాగ్లాండిన్లేనని తర్వాత తేలింది.

పొర ఊడిపోయేకొద్దీ రసాయనాలూ తగ్గిపోతాయి. కాబట్టి ఈ నొప్పి రక్తస్రావానికి కొన్ని గంటల ముందో, దానితోపాటో మొదలై, మొదటి రోజు ఎక్కువగా ఉండి, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది.

మందు పనిచేసే తీరూ ఇక్కడే ఉంది. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, నాప్రోక్సెన్ వంటి మాత్రలు ప్రొస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతాయి. అప్పటికే తయారై బయటికొచ్చిన వాటిని వెనక్కి తీసుకోలేవు. మన ఇళ్లల్లో మాత్రం ‘అలవాటైపోతుంది, ఓర్చుకో’ అని మధ్యాహ్నం దాకా ఆపి, ఇక తట్టుకోలేనప్పుడు ఒక మాత్ర, అదీ ఒక్కోసారి సగం విరిచి ఇస్తారు. అది పనిచేయదు. పనిచేయలేదు గనుక మందు మంచిది కాదంటారు. పైగా నెలకు రెండు మూడు రోజులు వేసుకునే ఈ మాత్రలు అలవాటు చేసే రకం కాదు.

నెలసరి క్రమంగా వచ్చే పిల్లయితే ముందురోజు నుంచి, లేదంటే నొప్పి లేదా రక్తం కనబడిన వెంటనే మొదలుపెట్టాలి. ఐబుప్రొఫెన్ అయితే సాధారణంగా 400 మిల్లీగ్రాములు, ఏదైనా తిన్నాక, ఆరు నుంచి ఎనిమిది గంటలకొకటి చొప్పున, రెండు మూడు రోజులు. రోజుకు మూడు దాటకూడదు. పిల్ల బరువును బట్టి మోతాదును డాక్టరు ఒకసారి ఖాయం చేయాలి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, నొప్పి మాత్రలు పడితే ఆయాసం వచ్చే ఉబ్బసం ఉన్నవారికి ఇవి పనికిరావు. జ్వరం ఉండి డెంగీ అనుమానం ఉన్నప్పుడు అసలే వద్దు. మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా జ్వరం, ఒంటినిండా దద్దుర్లతో తీవ్రమైన రియాక్షన్ రావచ్చని ఇండియన్ ఫార్మాకోపియా కమిషన్ 2023 చివర్లో హెచ్చరించింది. దద్దుర్లు కనబడితే మాత్ర ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పొత్తికడుపు మీద వేడినీళ్ల బ్యాగు నిజంగానే ఉపశమనమిస్తుంది, మాత్రతోపాటు పెట్టుకోవచ్చు.

మాత్రలు చాలకపోతే హార్మోన్ మాత్రలు ఇస్తారు. ఇవి అండం విడుదలను ఆపి, లోపలి పొరను పలచగా ఉంచుతాయి. ‘పెళ్లికాని పిల్లకు గర్భనిరోధక మాత్రలా!’ అని తల్లులు ఉలిక్కిపడతారు. ఇక్కడ అవి నొప్పి మందే. మానేశాక గర్భం రాకుండా చేయవు. రక్తం గడ్డకట్టే జబ్బు, కళ్లముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

ఇలా పద్ధతిగా మూడు నుంచి ఆరు నెలలు వాడినా బడి మానక తప్పడం లేదంటే వేరే కారణం వెతకాలి. ఈ వయసులో మొదట అనుమానించాల్సింది ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం దాని బయట పెరగడం ఈ జబ్బు. నెలనెలా నొప్పి ముదరడం, నెలసరి లేని రోజుల్లోనూ ఉండటం, మలవిసర్జనలోనో మూత్రానికి వెళ్లినప్పుడో నొప్పి రావడం, తల్లికో అక్కకో అదే జబ్బు ఉండటం దీని జాడలు. స్కానింగ్ నార్మల్‌గా వచ్చినంత మాత్రాన ఇది లేదని కాదు, టీనేజీ పిల్లల్లో దీని మచ్చలు చాలాసార్లు స్కానుకు దొరకవు. జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట ఉంటే ఇన్ఫెక్షన్ సంగతి చూడాలి. నెల తప్పాక నొప్పి వచ్చినా, ఒక పక్క ఉన్నట్టుండి భరించలేని నొప్పి వాంతులతో వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మొదటి దాంట్లో గర్భం గొట్టంలో నిలిచి ఉండవచ్చు, రెండో దాంట్లో అండాశయం మెలిపడి ఉండవచ్చు.

ఇప్పుడు ఇంకో అమ్మాయిని ఊహించుకోండి. ఈమెకు పన్నెండో ఏట వచ్చిన మొదటి నెలసరి నుంచే నొప్పి. నెలనెలా పెరుగుతోంది. రక్తం ఆగాక కూడా నాలుగైదు రోజులు కుడిపక్కన బరువుగా ఉంటోంది. నెలసరి వేళకే వస్తోంది కదా అని ఎవరూ అడ్డంకి గురించి ఆలోచించలేదు. మాత్రలు వేసుకుంటే ఆ పూట గడిచేది.

ఆ వయసుకు అండం విడుదలే సరిగ్గా మొదలై ఉండదు కాబట్టి, మొదటి నెలసరితోనే వచ్చే గట్టి నొప్పి పైన చెప్పిన లెక్కకు సరిపోదు. డాక్టరు అదే పట్టుకుంది. పాత ఫైలు తెప్పిస్తే చిన్నప్పటి స్కాన్ రిపోర్టులో ఒక వాక్యం కనిపించింది: కుడి కిడ్నీ లేదు.

కడుపులో పిండం పెరిగేటప్పుడు రెండు గొట్టాలు కలిసి ఒక గర్భసంచిగా ఏర్పడతాయి. కిడ్నీల తయారీ ఆ పక్కనే సాగుతుంది. ఒక పక్క అది తప్పితే ఇదీ తప్పవచ్చు. ఈమెలో ఆ రెండు గొట్టాలు కలవక రెండు గర్భసంచులయ్యాయి, రెండు యోనిమార్గాలూ అయ్యాయి. కుడిపక్క దారి ఒక గోడతో మూసుకుపోయింది. ఎడమది నెలనెలా బయటికి వస్తోంది, కుడిది లోపలే నిండుతోంది. పొట్ట మీద నుంచి తీసిన అల్ట్రాసౌండ్‌లో ఆ రక్తపు సంచి, ఎమ్మారైలో అడ్డుగోడ కనిపించాయి. ఇలాంటివి అరుదే. కానీ ఆలస్యమైతే నిలిచిన రక్తం వెనక్కి ఎదతన్ని గొట్టాల్లోకీ పొట్టలోకీ చేరుతుంది. ఎండోమెట్రియోసిస్‌కూ దారితీస్తుంది.

చికిత్స ఆ గోడను కోసి తీసేయడం. కింది నుంచే చేస్తారు, పొట్ట కోయనక్కర్లేదు. గర్భసంచులు రెండూ అలాగే ఉంటాయి. పెద్దయ్యాక పిల్లలు పుట్టడానికి అవకాశాలు బాగానే ఉంటాయి. కానీ కాన్పు ముందస్తుగా రావచ్చు గనుక అప్పటి డాక్టరుకు ఈ సంగతి చెప్పాలి. ఉన్నది ఒక్క కిడ్నీ కాబట్టి, నొప్పికి ఐబుప్రొఫెన్ వేసుకునే ముందు ఈ అమ్మాయి ఇకమీదట డాక్టరును అడగాల్సిందే.