జీడిమామిడిలో నిజఫలము ఏది?

జీడిమామిడి విత్తనము పండు వెలుపల వ్రేలాడునని మా విద్యార్థులు పలుమారు వ్రాయుట మేము చూచుచుందుము. అది పొరపాటు. పుష్పములోని అండాశయము పెరిగి ఏర్పడునదే నిజఫలము. జీడిమామిడిలో అట్లేర్పడినది క్రిందనున్న గట్టి కాయయే; విత్తనమైన జీడిపప్పు దాని లోపల నున్నది. మనము తిను రసభాగము ఉబ్బిన తొడిమ మాత్రమే. కనుక అది అనృతఫలము. లేతపిందెను గమనించినచో ఇది తెలియును: కాయ ముందు పెరుగును, తొడిమ తరువాత ఉబ్బును.

జిల్లేడు విత్తనము దూదికుచ్చుతో గాలిలోను, కొబ్బరికాయ పీచుతో నీటిపైనను తేలిపోవును. బరువైన జీడికాయకు కుచ్చు లేదు, పీచు లేదు. దానిని గబ్బిలము మోయును. అది పండును కరచుకొని వేరొక చెట్టుకు చేరి, రసభాగమును తిని, కాయను జారవిడుచును. పెంకులోని నూనె నోటిని పొక్కించును గనుక కాయను కొరుకదు. అనృతఫలము గబ్బిలమునకు కూలి. నిజఫలము దూరమున మొలచును.