ధర ముందు, ఖర్చు తర్వాత: ఒక కూలర్ లెక్క

మన దగ్గర చాలామంది వస్తువు తయారుచేసి, ఖర్చు చూసి, దానిపై లాభం వేసి ధర చెబుతారు. కానీ కస్టమర్‌కు మన ఖర్చుతో పనేముంది? పక్క షాపులో ఎంతకొస్తుందో అదే చూస్తాడు. అందుకే ధర దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టడాన్ని టార్గెట్ కాస్టింగ్ అంటారు.

ఒక చిన్న వర్క్‌షాప్ కొత్త కూలర్ చేయాలనుకుంటోంది అనుకుందాం. ఆ సైజు కూలర్ మార్కెట్లో 5,900 రూపాయలకు మించి పోదు. అందులో 18 శాతం జీఎస్‌టీ తీస్తే 5,000. డీలర్ కమీషన్ 1,000 పోగా చేతికొచ్చేది 4,000. ఓనర్‌కు 600 లాభం కావాలి. మిగిలిన 3,400లోనే అన్ని ఖర్చులూ సరిపోవాలి.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. 3,400 అంటే రేకు, మోటారు, కూలీ మాత్రమే కాదు. కొత్త డైలకు పెట్టిన 2 లక్షలు ఈ మోడల్ అమ్ముడుపోయే 2,000 కూలర్ల మీద పంచితే ఒక్కోదానికి 100 పడుతుంది. వారంటీ రిపేర్లకు సుమారు 50. డిజైన్ రోజు నుంచి చివరి స్పేర్ పార్ట్ దాకా అయ్యే మొత్తం ఖర్చును ఇలా చూడటమే లైఫ్ సైకిల్ కాస్టింగ్. కాబట్టి తయారీకి మిగిలింది 3,250. అంచనా మాత్రం 3,600 వచ్చింది. తేడా 350.

స్టాండ్ డిజైన్ మార్చితే 140 తగ్గింది. రేకు వృథా కాకుండా కటింగ్ మార్చితే ఇంకో 90. మిగిలిన 120 కోసం సప్లయర్ ఒక దారి చూపించాడు: రాగి వైండింగ్ బదులు అల్యూమినియం వైండింగ్ మోటారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ చవక మోటారు వల్ల వారంటీలో రిపేర్లు వందకు 4 నుంచి 16కు పెరుగుతాయని అంచనా వేసుకుంటే? ఒక్కో రిపేర్‌కు మోటారు, మెకానిక్, ఆటో కలిపి 1,200 అవుతుంది. వంద కూలర్ల మీద 12,000 మిగిలి, 14,400 పోతుంది. తగ్గిందనుకున్న ఖర్చు వేసవి మధ్యలో తిరిగొస్తుంది. అందుకే మోటారు జోలికి పోకుండా, ముందు గ్రిల్ మీద క్రోమ్ పూత, ఖరీదైన ప్యాకింగ్ తీసేసి ఆ 120 తగ్గించాలి.

ఈ పద్ధతికీ పరిమితి ఉంది. లక్ష రూపాయల ధర ముందే పెట్టుకుని టాటా నానో చేశారు. రెండు సిలిండర్ల ఇంజిన్, ఒకే వైపర్, చక్రానికి మూడే నట్లు. కానీ అనుకున్నంతగా అమ్ముడుపోక 2018లో తయారీ దాదాపు ఆగిపోయింది. మన కూలర్ కూడా 2,000కు బదులు 1,000 అమ్ముడైతే డై ఖర్చు ఒక్కోదానికి 200 అవుతుంది.

అందుకే డై ఆర్డర్ ఇచ్చే ముందే లెక్క వేయాలి. డై తయారయ్యాక మార్చుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. తేడా పూడకపోతే ఆ కూలర్ మొదలుపెట్టకపోవడమే లాభం.