చిల్లిగవ్వ నుంచి ఐ.పి. దాకా

నెలలో ఇరవయ్యో తేదీ దాటిందంటే హాస్టల్లో భాష మారిపోతుంది. "గురూ, ఓ రెండొందలు సర్దుతావా?" అని ఒకడంటే, "నా దగ్గర చిల్లిగవ్వ లేదురా బాబూ" అని రెండోవాడంటాడు. తెలంగాణ మిత్రుడు "పైసల్లేవ్ భయ్" అంటాడు. రాయలసీమ మిత్రుడికి అదే డబ్బు "దుడ్డు". ఇలాంటి మాటలు చెవిన పడ్డప్పుడల్లా నోటుబుక్కులో రాసుకోవడం నాకు అలవాటు. పక్క రాష్ట్రాల మిత్రుల దగ్గరా కొన్ని పోగు చేశాను. డబ్బుకున్న పేర్లకంటే డబ్బు లేకపోవడానికున్న పేర్లే ఎక్కువ రుచిగా ఉన్నాయి కనుక ఇక్కడ వాటి గురించే రాస్తాను.

లేదని చెప్పవలసి వచ్చినప్పుడు ఏ భాషవాడూ "నా దగ్గర వంద నోటు లేదు" అనడు. ఉన్న నాణేల్లో అన్నిటికన్నా అల్పమైనదాన్ని వెతికి, అది కూడా లేదంటాడు. మన చిల్లిగవ్వకు హిందీలో తోబుట్టువు "ఫూటీ కౌడీ", అంటే పగిలిన గవ్వ. గవ్వలు ఒకప్పుడు నిజంగానే డబ్బు. మాల్దీవుల నుంచి ఓడల మీద వచ్చేవి. బెంగాల్లో నాలుగు గవ్వలు ఒక గండా, ఇరవై గండాలు ఒక పణం, పదహారు పణాలు ఒక కహాన్ అని లెక్క. అంటే కహాన్ కు 1280 గవ్వలు. రూపాయికి గవ్వలు వేలల్లో వచ్చేవి. అంత అల్పమైన గవ్వ, అదీ చిల్లుపడ్డది, అదీ లేదట! దరిద్రాన్ని ఇంతకంటే కింది మెట్టుకు దించడం కష్టం.

ఇక్కడ ఒక పొరపాటు జరిగే వీలుంది. "చిల్లుకాణీ" అనే మాట కూడా మనకుంది. 1943 నుంచి 1947 వరకు మన ప్రభుత్వ టంకశాలలు నడిమధ్య గుండ్రటి చిల్లున్న కాణీ నాణెం వేశాయి. యుద్ధకాలంలో లోహం పొదుపు చేయడానికి పెట్టిన చిల్లు అది. చిల్లిగవ్వ మాట దీన్నుంచే పుట్టిందని ఎవరైనా చెబితే నమ్మకండి. చిల్లుకాణీ చెల్లని నాణెం కాదు. చిల్లు లేని కాణీకి ఎంత విలువో దానికీ అంతే. చిల్లిగవ్వలో చిల్లు లోపం. చిల్లుకాణీలో చిల్లు ముద్ర. రెండు చిల్లులూ ఒకటి కావు.

దమ్మిడీ కథా ఇలాంటిదే. అణాకు పన్నెండు దమ్మిడీలు, రూపాయికి నూట తొంభై రెండు. తమిళులు దాన్నే "తంబిడి" అన్నారు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి అణాలు, దమ్మిడీలు లెక్కల్లోంచి పోయాయి గాని నోట్లోంచి పోలేదు. పావలా నాణెం చెలామణీ 2011 జూన్ 30తో ముగిసింది. అయినా "చారాణా కోడికి బారాణా మసాలా" అంటే, చారాణా కంటితో చూడని కుర్రాడికి కూడా అర్థమవుతుంది. దుకాణంలో పనికిరాని నాణెమే సామెతలో ఎక్కువ కాలం చెల్లుతుంది కాబోలు.

ఇంతవరకు అంతా హాస్యమే. గమనించవలసింది వ్యాకరణం. "నా దగ్గర చిల్లిగవ్వ లేదు" అనే వాక్యంలో ఎవరూ ఏమీ చేయలేదు. డబ్బు లేదు, అంతే. మనిషి తన లేమిని తాను చెప్పుకునేటప్పుడు ఎవరి తప్పూ లేకుండా చెబుతాడు. మరి ఎదుటివాడు మునిగిపోయినప్పుడో? "వాడు ఐ.పి. పెట్టాడు" అంటాం. "దివాలా తీశాడు" అంటాం. ఇంకాస్త కోపం వస్తే "బోర్డు తిప్పేశాడు", "నామం పెట్టాడు" అంటాం. అన్నిటా వాడే కర్త, వాడే చేసినవాడు. హిందీలో "దివాలా నికల్ గయా" అనవచ్చు. అక్కడ దివాలా తనంతట తాను బయటికొస్తుంది. అదే మాటను మనం తెచ్చుకుని, దాన్ని బయటికి తీసే మనిషినొకణ్ణి తగిలించాం.

ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్ అన్న సంగతి, రోజూ ఆ మాట వాడేవాళ్ళలో చాలామందికి తట్టదు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద, అప్పులు కనీసం ఐదువందల రూపాయలుండి తీర్చలేనివాడు కోర్టులో పెట్టుకునే అర్జీ అది. ఒక వడ్ల వ్యాపారికి నలభై వేల అప్పు, పదివేల ఆస్తి ఉన్నాయనుకుందాం. అప్పులవాళ్ళ జాబితా, ఆస్తి జాబితా జతచేసి అర్జీ పెడతాడు. కోర్టు అప్పులవాళ్ళకు నోటీసులిచ్చి, విచారించి, ఇతను దివాలాదారే అని తేలుస్తుంది. అప్పుడు ఆస్తి రిసీవరు చేతికి వెళుతుంది. అమ్మగా వచ్చిన పదివేలను దామాషాగా పంచితే, ఖర్చుల మాట పక్కన పెడితే, రూపాయికి పావలా చొప్పున అందరికీ ముడుతుంది. ముందు తలుపు తట్టినవాడు మొత్తం ఊడ్చుకుపోవడం, ఆఖరువాడికి ఏమీ మిగలకపోవడం ఉండదు. అటుపైన వ్యాపారి విడుదల ఉత్తర్వు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు.

ఊళ్ళో చెప్పే కథ వేరు. "ఆస్తంతా పెళ్ళాం పేర రాసేసి ఐ.పి. పెట్టాడండీ!" అలా చేసినవాళ్ళు లేకపోలేదు. అందుకే ఆ చట్టంలో 53వ సెక్షను ఉంది. అర్జీకి ముందు రెండేళ్ళలోపు ప్రతిఫలం లేకుండా ఎవరికైనా ఆస్తి రాసిస్తే దాన్ని రద్దు చేయించవచ్చు. ఈ సెక్షను సంగతి ఊరికి తెలియదు, మాట మాత్రం తెలుసు. దాంతో నిజంగా చితికిపోయి కోర్టుకెళ్ళినవాడికీ, ఎగ్గొట్టడానికి వెళ్ళినవాడికీ ఒకటే క్రియాపదం దక్కింది. ఐ.పి. పెట్టినవాడి ఇంటికి పిల్లనివ్వరన్న భయంతో వడ్డీమీద వడ్డీ కట్టుకుంటూ పోయే మనిషికి ఆ మాట చేసే హాని తక్కువది కాదని నా అభిప్రాయం.

తమిళంలో కూడా ఈ మాట కోర్టు నుంచే వచ్చింది. "మంజ కడుదాసి కొడుత్తాన్", అంటే పచ్చకాగితం ఇచ్చాడు అంటారు. అదీ చేసిన పనే. మలయాళంలో మాత్రం "పాప్పరాయి" అంటారు, కన్నడంలో "పాపర్ ఆద" అంటారు. రెండింటికీ అర్థం పాపర్ అయ్యాడనే. ఇంగ్లీషు పాపర్, అంటే నిరుపేద. నిజానికి ఈ పాపర్ దివాలా చట్టానికి చెందినవాడు కాడు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడులో, కోర్టు ఫీజు కట్టలేక ఫీజు లేకుండా దావా వేసుకోవడానికి అనుమతి అడిగేవాడు. దావా వేసే పేదవాడూ, దావాలకు గురైన అప్పులవాడూ జనం నోట్లో కలిసిపోయారు. 1976 సవరణలో చట్టం పాపర్ అనే మాట తీసేసి నిర్ధనుడు అనే అర్థమిచ్చే ఇంకో మాట పెట్టింది. వాడుక మాట మాత్రం చెక్కుచెదరలేదు.

అంతమాత్రాన మలయాళీలు, కన్నడిగులు జాలిగుండెవాళ్ళనీ, మనమూ తమిళులూ అనుమానపు మనుషులమనీ తేల్చేయకూడదు. మలయాళంలోనూ పాప్పర్ హర్జీ "ఇచ్చాడు" అనే వాడుక ఉంది. ఒక్క క్రియాపదం పట్టుకుని జాతి గుణం చెప్పేవాళ్ళంటే నాకు కొంచెం భయం. కాని ఒకటి మాత్రం నా నోటుబుక్కులో ఖాళీగానే ఉంది. ఆస్తి అప్పగించి, పంపకం పూర్తయి, కోర్టు విడుదల ఉత్తర్వు పొంది మళ్ళీ కొట్టు తెరిచినవాణ్ణి ఏమనాలో ఈ నాలుగు భాషల్లోనూ నాకు వాడుక మాట దొరకలేదు. మీ వైపు ఎవరైనా అలాంటి మాట వాడుతుంటే దయచేసి చెప్పండి, రాసుకుంటాను.